నడుములోని డిస్కు ఉబ్బు

నడుము నొప్పితో ఎం.ఆర్.ఐ. తీయించుకొన్నవారి చేతికి వచ్చే కాగితములో “నాలుగు, ఐదు పూసల నడుమ డిస్కు ఉబ్బినది” అన్న మాట తరచుగా కనబడుతుంది. డిస్కు జారినదని ఇంటిల్లిపాదీ బెదరిపోతారు. నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు. పై పూసకు, క్రింది పూసకు గట్టిగా అంటుకొనియే ఉంటుంది.

డిస్కు మధ్య నీటితో నిండిన మెత్తని గుజ్జు, దాని చుట్టూ పొరలు పొరలుగా నారకట్టు ఉన్నవి. వయస్సుతో గుజ్జులోని నీరు తగ్గుతుంది. అప్పుడు డిస్కు కొంచెము కుంగి, అంచులు వెలుపలికి వస్తవి. ఇదే ఉబ్బు. నారకట్టు ఒకచోట చిరిగి, గుజ్జు అటువైపు త్రోసుకొని వస్తే దానిని హెర్నియేషను అంటారు.

అయితే ఇవి నొప్పి లేనివారిలో ఉండవా? 1994లో అమెరికాలో జెన్సెన్, ఆమె సహచరులు ఈ సంగతి పరీక్షించిరి. నడుము నొప్పి లేని 98 మందికి చిత్రములు తీసి, నొప్పి ఉన్న 27 మంది చిత్రములతో కలిపివేసి, ఏది ఎవరిదో చెప్పకుండా నిపుణులకు చూపించిరి. నొప్పి లేనివారిలో నూటికి 52 మందికి ఒక్క డిస్కయినా ఉబ్బి ఉన్నది. 27 మందికి డిస్కు ఒకచోట పొడుచుకొని వచ్చినది. అన్ని డిస్కులూ చక్కగా ఉన్నవారు 36 మందే!

దీనికి కారణము డిస్కు నిర్మాణములోనే ఉన్నది. నొప్పిని తెలిపే నరములు ఆరోగ్యమైన డిస్కులో నారకట్టు వెలుపలి పొరలలోనే ఉంటవి. లోపలి గుజ్జులో ఉండవు. ఉబ్బు వెన్నుగొట్టములోనికి వచ్చినా, అక్కడ నరపు వేరుకు చుట్టూ చోటు ఉంటే అది నలగదు. నలిగినా, వాపు లేనప్పుడు తీవ్రమైన నొప్పి పుట్టకపోవచ్చును. ఎం.ఆర్.ఐ. ఆకారమును చూపుతుంది గాని నొప్పిని చూపదు.

కనుక చిత్రమును రోగి లక్షణములతో సరిచూడవలెను. ఒకనికి కడపటి డిస్కు ఎడమవైపు పొడుచుకొని వచ్చినదనుకొందము. అది సాధారణముగా త్రికాస్థి మొదటి నరపు వేరును నొక్కుతుంది. అప్పుడు నొప్పి ఎడమ కాలి వెనుకగా పాదము వెలుపలి అంచుదాకా దిగవలెను. ఎడమ మడమ ఎత్తి మునివేళ్లపై నిలుచుట కష్టము కావలెను. చీలమండ వెనుక సుత్తితో తట్టినప్పుడు కదలిక మందగించవలెను. ఇవన్నీ కుదిరితే ఆ డిస్కే దోషి అనవచ్చును. కాని అతని నొప్పి కుడి కాలిలో ఉంటే, చిత్రములోని ఉబ్బు ఎంత పెద్దదైనా, కారణము మరొకచోట వెదకవలసినదే. ఎడమవైపు డిస్కుకు శస్త్రచికిత్స చేసినందువల్ల కుడి కాలు బాగుపడదు.

కారణము నిజముగా డిస్కే అయినప్పుడు కూడ, బయటికి వచ్చిన గుజ్జును శరీరములోని కణములు క్రమముగా తినివేయుట కద్దు. పెద్ద ముక్కలే తరచుగా ఎక్కువ కరుగుతవి. అందుచేత చాలమందికి కొన్ని వారములలో నొప్పి తగ్గుతుంది. అయితే మూత్రము బిగిసినా, మలముపై అదుపు తప్పినా, కూర్చొనేచోట తిమ్మిరి పట్టినా వారములు ఆగరాదు. అదే రోజున ఆసుపత్రికి వెళ్లవలెను.