పుట్ స్ప్రెడ్‌లో ఏ స్ట్రైక్ అమ్మాలి?

నిఫ్టీ పెరగకపోయినా ఫరవాలేదు, మరీ పడకపోతే చాలు అనుకునేవాళ్లు వేసే స్ప్రెడ్ ఒకటుంది. ఇండెక్స్ కంటే కిందున్న ఒక స్ట్రైక్‌లో పుట్ అమ్మి, ఇంకా కింద మరో పుట్ కొంటారు. అమ్మినదాని ధర ఎక్కువ, కొన్నదాని ధర తక్కువ కాబట్టి ఆ తేడా మొదటిరోజే ఖాతాకు జమ అవుతుంది. అందుకే దీన్ని క్రెడిట్ పుట్ స్ప్రెడ్ అంటారు. ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ అమ్మిన స్ట్రైక్‌కు పైనే నిలిస్తే ఆ ప్రీమియం అంతా మనదే. ఎంత పడినా, కొన్న పుట్ వల్ల నష్టం ఒకచోట ఆగుతుంది. అమ్మే స్ట్రైక్ ఎక్కడ అన్నది తేలితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

లెక్క కోసం నిఫ్టీ 25,000 దగ్గర ఉందనీ, ఎక్స్‌పైరీకి 28 రోజులుందనీ, ఇంప్లైడ్ వొలటిలిటీ 14 శాతమనీ అనుకుందాం. వొలటిలిటీని ఎప్పుడూ ఏడాదికి చెబుతారు. దాన్ని మన 28 రోజులకు కుదించాలంటే రోజులను 365తో భాగించి వర్గమూలం తీయాలి.

25,000 × 0.14 × √(28/365) ≈ 970

ఇదే ఎక్స్‌పెక్టెడ్ మూవ్. అంటే ఈ 28 రోజుల్లో నిఫ్టీ అటూ ఇటూ 970 పాయింట్ల లోపే ముగియడానికి సుమారు 68 శాతం అవకాశం ఉందని ఆప్షన్ల ధరలు చెబుతున్నాయి. కింది హద్దు 24,030. కొందరు ఈ సూత్రం జోలికి పోకుండా 25,000 కాల్, పుట్ ధరలు రెండూ కలిపి అదే ఎక్స్‌పెక్టెడ్ మూవ్ అనుకుంటారు. ఆ స్ట్రాడిల్ మొత్తం మన లెక్కలో దాదాపు 775 వస్తుంది. అది సగటు కదలిక, 68 శాతం హద్దు కాదు. రెండూ ఒకటే అనుకున్నవాళ్లు తమకు తెలియకుండానే 200 పాయింట్లు దగ్గరగా వెళ్లి అమ్ముతారు.

ఇక డెల్టా. నిఫ్టీ ఒక పాయింటు కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పే అంకె అది. కానీ ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ ఆ స్ట్రైక్ కిందకు చేరే అవకాశానికి ఉజ్జాయింపుగా కూడా వాడతారు. మన ఉదాహరణలో 24,400 పుట్ డెల్టా సుమారు 0.23, 24,000 పుట్‌ది 0.14, 23,600 పుట్‌ది 0.08. పుట్‌కు తెర మీద మైనస్ గుర్తు ఉంటుంది, దాన్ని వదిలేసి చదవాలి. 68 శాతం లోపల ఉంటే బయట 32 మిగులుతుంది, అందులో కింది వైపు సగం 16. చాలామంది 0.16 డెల్టా దగ్గర అమ్మడానికి కారణం ఇదే. అది ఎక్స్‌పెక్టెడ్ మూవ్ అంచుకు మరో పేరు.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. 0.14 డెల్టా చెప్పేది ఆఖరిరోజు సంగతి. మధ్యలో ఎప్పుడో ఒకసారి నిఫ్టీ 24,000ను తాకే అవకాశం దానికి దాదాపు రెట్టింపు, అంటే 28 శాతం దాకా ఉంటుంది. తాకగానే బయటపడే అలవాటున్నవాళ్లు తమ గెలుపు 86 శాతం అనుకోకూడదు.

ప్రీమియం దగ్గరికొస్తే అసలు బేరం కనిపిస్తుంది. స్ప్రెడ్ వెడల్పు 200 పాయింట్లు అనుకుందాం. 24,400 అమ్మి 24,200 కొంటే చేతికొచ్చేది సుమారు 37 పాయింట్లు. 24,000 అమ్మి 23,800 కొంటే 20. 23,600 అమ్మి 23,400 కొంటే 12. లాటు 65 చొప్పున మధ్యదాన్ని చూడండి: వచ్చేది 1,300 రూపాయలు, పోగొట్టుకోగలిగేది 180 పాయింట్లు, అంటే 11,700 రూపాయలు. ఒక పూర్తి నష్టం తొమ్మిది గెలుపులను మింగేస్తుంది. లాభనష్టాలు సరిసమానం కావాలంటేనే పదింట తొమ్మిదిసార్లు గెలవాలి.

డెల్టా 86 శాతం గెలుపు అంటుంటే, బేరం 90 అడుగుతోంది. అయితే ఇది మొదటినుంచీ నష్టపు బేరమా? అంత తొందర వద్దు. నిఫ్టీ 24,000 కిందకు దిగిన ప్రతిసారీ 180 పాయింట్లూ పోవు. 23,900 దగ్గర ఆగితే పోయేది 80 పాయింట్లే. 23,980 పైన ఆగితే కొద్దో గొప్పో మిగులుతుంది కూడా. పైగా కిందికి వెళ్లేకొద్దీ పుట్లకు వొలటిలిటీ ఎక్కువగా పలుకుతుంది కాబట్టి డెల్టా ఆ అవకాశాన్ని కాస్త పెంచి చూపుతుంది. వచ్చిన ప్రీమియాన్ని వెడల్పుతో భాగించండి: 20/200, అంటే 10 శాతం. నిఫ్టీ ఆ రెండు స్ట్రైకుల నడుమకో, ఇంకా కిందికో వెళ్లి ముగిసే అవకాశానికి మార్కెట్ కట్టిన ధర దాదాపు ఇదే.

అందుకే డెల్టా, ఎక్స్‌పెక్టెడ్ మూవ్, ప్రీమియం మూడూ ఒప్పుకున్నాయి గనక ఇది భద్రమైన స్ట్రైక్ అనే వాదన నిలవదు. ఈ మూడూ ఒకే ఇంప్లైడ్ వొలటిలిటీ నుంచి పుట్టిన అంకెలు. వాటిది ముగ్గురు సాక్షుల మాట కాదు, ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన మాట. ఆ వొలటిలిటీ తప్పితే మూడూ కలిసే తప్పుతాయి.

2024 జూన్ 4న జరిగింది అదే. ముందురోజు నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. ఇండియా విక్స్ సుమారు 21. దాన్ని 252 ట్రేడింగ్ రోజుల వర్గమూలంతో భాగిస్తే ఒక్కరోజు ఎక్స్‌పెక్టెడ్ మూవ్ 1.3 శాతం, దాదాపు 300 పాయింట్లు. లోక్‌సభ ఫలితాలు వచ్చిన ఆ రోజు, ఆంధ్రప్రదేశ్‌లో అందరూ అసెంబ్లీ ఫలితాలు చూస్తూ టీవీల ముందు ఉన్న ఆ రోజే, నిఫ్టీ 1,379 పాయింట్లు పడి 21,884.50 దగ్గర ముగిసింది. లెక్క చెప్పిన కదలికకు నాలుగు రెట్లు మించింది. ఫలితాల తేదీ అందరికీ ముందే తెలుసు. కానీ విక్స్ రాబోయే 30 రోజుల అంచనా. ఒక్కరోజు ఉలికిపాటును అది నెలంతటి మీదా పరిచేస్తుంది. ఎన్నికల ఫలితాలో, బడ్జెట్టో మీ ఎక్స్‌పైరీ లోపల పడితే విక్స్‌ను పక్కనపెట్టి, ఆ ఎక్స్‌పైరీ ఆప్షన్ల సొంత వొలటిలిటీతోనే లెక్క కట్టాలి. దానితో కట్టినా ఇలాంటి పతనాన్ని అది పట్టుకుంటుందన్న హామీ లేదు.

కాబట్టి నా దృష్టిలో వరుస తిరగబడాలి. ముందు నష్టం, తర్వాత స్ట్రైక్, చివర ప్రీమియం. 5 లక్షల ఖాతాలో ఒక్క ట్రేడ్‌కు 2 శాతం, అంటే 10,000 మించి పోకూడదని పెట్టుకుంటే 200 వెడల్పు స్ప్రెడ్ ఒక్క లాటు కూడా సరిపడదు. 24,000 అమ్మి 23,900 కొంటే వచ్చేది 11 పాయింట్లే, కానీ గరిష్ఠ నష్టం దాదాపు 5,800 దగ్గర ఆగుతుంది. అది పెట్టుకున్న హద్దుకు లోపలే. దూరంగా ఉంది కదా అని 23,600 అమ్మితే 12 పాయింట్లు, 780 రూపాయలు వస్తాయి. కొనుగోలు, అమ్మకం ధరల మధ్య ఒక్కో ఆప్షన్‌కు ఒక్క రూపాయి జారినా వేసేటప్పుడే 130 పోతాయి, తీసేటప్పుడు మళ్లీ 130. బ్రోకరేజీ, పన్నులు వేరే. అంత దూరాన 12,220 రూపాయల నష్టాన్ని మీద వేసుకోవడానికి అది చాలదు.

మూడింటిలో నేను ఎంచేది 24,000 స్ట్రైకే, అదీ వెడల్పు 100కు తగ్గించి. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం చెప్పింది. మీ హద్దులో ఇమిడే నష్టానికి తగిన ప్రీమియం ఏ స్ట్రైక్‌లోనూ దొరకకపోతే, స్ట్రైక్‌ను ఇండెక్స్ దగ్గరికి జరపకండి. ఆ ఎక్స్‌పైరీని వదిలేయండి.