స్టిక్కర్‌లో అక్షరం మారాలి, అంచు చెడకూడదు

ఉగాది దగ్గర పడగానే పాత స్టిక్కర్లు మళ్లీ బయటికొస్తాయి. మామిడాకుల తోరణం, పచ్చడి గిన్నె చూడముచ్చటగా ఉంటాయి. కింద మాత్రం ‘ఉగాది శుబాకాంక్షలు’ అని తప్పుగా ఉంటుంది, దాని కింద నిరుటి సంవత్సరం. ‘బా’ను ‘భా’ చేసి, 2025ను 2026గా మార్చి పంపుదామని ఎవరో ఒకరు పూనుకుంటారు. మార్చడం తేలికే. కానీ ఆ స్టిక్కర్‌ను డార్క్ మోడ్‌లో ఉన్న ఫోన్‌లో తెరిస్తే అంకెల చుట్టూ తెల్లటి పొర కనిపిస్తుంది. మెత్తగా కరిగిపోవాల్సిన నీడ కత్తెరతో కోసినట్టు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే, జరగకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు.

పీఎన్‌జీ బొమ్మలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, పచ్చ, నీలం అని మూడు రంగుల విలువలుంటాయి. వీటితోపాటు ఆల్ఫా అనే నాలుగో విలువ కూడా ఉంటుంది. ఆల్ఫా 0 అయితే ఆ పిక్సెల్ కనబడదు, 255 అయితే వెనక ఉన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అక్షరం ఒంపు దగ్గర, నీడలో ఈ విలువ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అంచు మెత్తగా కనిపించడానికి కారణం ఆ మధ్య విలువలే.

ఒక్క పిక్సెల్ తీసుకుందాం. ఎర్ర అంకె అంచున రంగు (200, 0, 0), ఆల్ఫా 128, అంటే సుమారు సగం. వెనక నలుపు ఉంటే ఇది (100, 0, 0)గా, ముదురు ఎరుపులో కనిపిస్తుంది. వెనక తెలుపు ఉంటే (227, 127, 127), అంటే గులాబీ రంగు. ఇప్పుడు ఎవరైనా ఈ స్టిక్కర్‌ను తెల్ల కాగితం లాంటి నేపథ్యం మీద పరిచి, అన్నీ ఒకే పొరగా కలిపేసి, అంకె మార్చి, చివర్లో మ్యాజిక్ వాండ్‌తో తెలుపును తీసేశారనుకోండి. గులాబీ పిక్సెల్ తెలుపు కాదు కాబట్టి అది అక్కడే ఉండిపోతుంది. పైగా దాని ఆల్ఫా ఇప్పుడు 255. నల్లటి తెర మీద ముదురు ఎరుపు కనిపించాల్సిన చోట గులాబీ చుక్క మెరుస్తుంది. అలాంటివి వరసగా చేరితే మనం చూసిన ఆ తెల్లటి పొర. అందుకే ఈ పనిలో మొదటి నియమం: ఏ దశలోనూ బొమ్మను నేపథ్యంతో కలిపేయకూడదు.

ఉచితంగా దొరికే గింప్‌లో మన ఉగాది స్టిక్కర్‌ను తెరుద్దాం. ముందుగా `Image > Mode`లో `RGB` ఉందో లేదో చూడండి. `Indexed` అని ఉంటే మార్చేయండి. ఆ పద్ధతిలో గింప్‌కు పిక్సెల్ ఉండటం, లేకపోవడం రెండే తెలుసు, మధ్య విలువలకు చోటు లేదు. ఇంకో మాట: నెట్‌లో దొరికే కొన్ని బొమ్మల్లో బూడిద, తెలుపు గళ్లు బొమ్మలోనే గీసి ఉంటాయి. వాటిలో ఆల్ఫా అసలు లేదు, ఈ పద్ధతి వాటికి పనికిరాదు.

మన స్టిక్కర్‌లో అక్షరాలు పసుపు పట్టీ మీద ఉన్నాయి, సంవత్సరం మాత్రం పట్టీ కింద ఖాళీ జాగాలో ఉంది. ఈ తేడాను బట్టే పని మారుతుంది.

‘బా’ సంగతి సులువు. చాలా ఫాంట్లలో దాని కింద చిన్న నిలువు గీత పెడితే ‘భా’ అవుతుంది. ఆ గీత పడే చోటు పట్టీ లోపలే ఉంది, అక్కడ ఆల్ఫా అంతటా 255. లేయర్ల పట్టికలో `Lock alpha channel` నొక్కి, పక్క అక్షరం నుంచి ఎరుపు రంగు తీసుకుని, పెయింట్ బ్రష్‌తో గీయండి. పెన్సిల్ వాడొద్దు, దాని అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. ఆల్ఫాకు తాళం పడింది కాబట్టి చెయ్యి జారి పట్టీ దాటినా బయటి అంచు, నీడ ఆకారం మారవు.

సంవత్సరం దగ్గరే అసలు పని. అంకెలు ఎరుపు, చుట్టూ తెల్లటి బోర్డరు, కింద మెత్తటి నల్ల నీడ. చివరి 5 ఒక్కటే మారిస్తే చాలనిపిస్తుంది. కానీ దాని నీడ పక్కనున్న 2 నీడతో కలిసిపోయి ఉంది. మధ్యలో ఎక్కడ కోసినా గీత పడుతుంది. నాలుగు అంకెలూ తీసేసి కొత్తగా రాయడమే మేలు. ఆల్ఫా తాళం తీసి, సంవత్సరం చుట్టూ చతురస్రంగా ఎంచుకుని డిలీట్ నొక్కండి.

పట్టీకి కూడా సొంత నీడ ఉంటే, దాని ముక్క కూడా ఇప్పుడు పోయి ఉంటుంది. పట్టీ పొడవునా నీడ ఒకేలా ఉంటుంది కాబట్టి, అంకెలు లేని పక్క నుంచి అదే ఎత్తులో ఒక సన్నటి ముక్క కాపీ చేసి, అడ్డంగా సాగదీసి ఖాళీలో అతికించవచ్చు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఖాళీ చోట పెడితే ఆల్ఫా ఉన్నదున్నట్టే వస్తుంది. పాత నీడ మీదికి కొంచెం ఎక్కినా, సగం మీద సగం కలిసి ముప్పావు అవుతుంది, ఆ కలిసిన చోట నల్లటి చార పడుతుంది. చార కనిపిస్తే ముక్క పెద్దదైందని అర్థం. ఖాళీకి పిక్సెల్ తేడా లేకుండా సరిపోయేలా పెట్టాలి.

తర్వాత టెక్స్ట్ టూల్‌తో 2026 రాయండి. `Layer > Transparency > Alpha to Selection` నొక్కితే అంకెల ఆకారం, దాని మెత్తటి అంచుతో సహా, ఎంపిక అవుతుంది. `Select > Grow`లో పాత బోర్డరు మందం ఎంతో అంత, 4 పిక్సెళ్లు అనుకుందాం, ఇచ్చి కింద ఒక కొత్త లేయర్‌లో తెలుపు నింపండి. అదే ఎంపికతో ఇంకా కింద మరో లేయర్‌లో నలుపు నింపండి. ఇది నీడ. ఇప్పుడు `Select > None` నొక్కి, ఆ నల్ల లేయర్‌కు `Gaussian Blur` ఇవ్వండి. ఎంపిక తీయడం మర్చిపోతే మసక ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. పాత గింప్‌లో నీడ లేయరు బొమ్మంత పెద్దది కాకపోయినా అంతే అయ్యేది.

ఎంత మసక ఇవ్వాలో అసలు స్టిక్కరే చెబుతుంది. దాని కాపీని పక్కన తెరిచి, `Pointer` పట్టికలో ఆల్ఫా చూస్తూ నీడ మీద మౌస్ కదపండి. బోర్డరు నుంచి సుమారు 12 పిక్సెళ్ల దూరంలో అది సున్నాకు చేరితే, మసక పరిమాణం 5 దగ్గర మొదలుపెట్టవచ్చు. నీడ పక్కకు జరిగి ఉంటే మనమూ అంతే జరపాలి. బోర్డరు పక్కన రెండింటి ఆల్ఫా కలిసేదాకా లేయర్ ఒపాసిటీ తగ్గించుకుంటూ పోవాలి. కంటి అంచనా కంటే ఈ అంకెలే నమ్మదగినవి.

ఇక పరీక్ష. అన్నిటికంటే కింద ఒక లేయర్ పెట్టి నలుపు నింపండి, తర్వాత తెలుపు, తర్వాత వాట్సాప్ లేత పచ్చ. 400 శాతం జూమ్‌లో మూడింటి మీదా అంచు వెంట చూడండి. నలుపు మీద లేత గీర కనిపిస్తే తెలుపు కలిసిందని, తెలుపు మీద ముదురు గీర కనిపిస్తే నలుపు కలిసిందని గుర్తు. ఎగుమతికి ముందు ఆ లేయర్ కన్ను మూసేయాలి.

ఎవరో ముందే పాడు చేసిన స్టిక్కర్ మీ చేతికొస్తే కొంత బాగుచేయవచ్చు. అంచు ఒక్కదాన్నే సన్నగా ఎంచుకుని `Colors > Color to Alpha`లో తెలుపు ఇవ్వండి. మన (227, 127, 127) పిక్సెల్ దాదాపు (200, 0, 0)గా, ఆల్ఫా 128తో తిరిగి వస్తుంది. పచ్చ, నీలం విలువలు సున్నా అయిన ఎరుపు కాబట్టే లెక్క ఇంత సరిగ్గా కుదిరింది. లేత రంగుల్లో కుదరదు, గట్టిగా ఉండాల్సిన చోటు కూడా పలచబడుతుంది. ఎంపిక అంచు దాటకూడదనేది అందుకే.

ఎగుమతి పీఎన్‌జీగానే చేయాలి, జేపీజీలో ఆల్ఫాకు చోటే లేదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా అదే గతి కాబట్టి, ఇంకొకరు స్టిక్కర్‌గా మార్చాలంటే డాక్యుమెంటుగా పంపండి. స్టిక్కర్ ప్యాక్‌కు 512 పిక్సెళ్ల చదరం, 100 కేబీకి లోపు వెబ్‌పీ ఫైలు కావాలి. వెబ్‌పీలో ఆల్ఫా మధ్య విలువలు నిలుస్తాయి. లేయర్లన్నీ విడిగా ఉన్న ఎక్స్‌సీఎఫ్ ఫైలును దాచుకుంటే, వచ్చే ఉగాదికి అంకె మార్చి, బోర్డరు, నీడ ఇవే కొలతలతో మళ్లీ వేసుకుంటే చాలు.