అమ్మ ఫోన్‌లో అక్షరాలు పెంచేటప్పుడు

అమ్మకు ఫోన్‌లో అక్షరాలు ఆనడం లేదంటే చాలామంది ఫాంట్ సైజును చివరికంటా జరిపేసి చేతికిచ్చేస్తారు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వేర్వేరు మీటలుంటాయి. ఫాంట్ సైజ్ అక్షరాలను మాత్రమే పెంచుతుంది. డిస్‌ప్లే సైజ్, శాంసంగ్‌లోనైతే స్క్రీన్ జూమ్, బొమ్మలూ బటన్లతో సహా అన్నింటినీ పెంచుతుంది. రెండూ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కిందే దొరుకుతాయి.

ముందు ఫాంట్‌నే పెంచండి, ఒక్కో మెట్టు. అమ్మ ఫోన్‌ను మామూలుగా పట్టుకునే దూరంలోనే ఉంచి ఒక మెసేజ్ చదవమనండి. తడుముకోకుండా చదివిన చోట ఆపేయండి. బటన్ల మీద వేలు గురి తప్పుతుంటేనే డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచండి.

సెట్టింగ్స్‌లో కనిపించే నమూనా చూసి సరేననుకోవద్దు. మా పెద్దమ్మ ఫోన్‌లో రెండూ చివరిదాకా పెంచి ఉన్నాయి. మెసేజులు హాయిగా చదివేది, కరెంటు బిల్లు మాత్రం కట్టలేకపోయేది. డబ్బు పంపే యాప్‌లో కింద ఉండాల్సిన బటన్ తెర బయటికి పోయింది, పైన మొత్తం సగమే కనిపిస్తోంది. డిస్‌ప్లే సైజును మామూలు స్థాయికి తెచ్చి, ఫాంట్‌ను ఒక మెట్టు తగ్గిస్తే బటన్ మళ్లీ కనిపించింది. అందుకే అమ్మ రోజూ వాడే యాప్‌లన్నీ తెరిచి చూశాకే పని అయినట్టు. వాట్సాప్‌లో చాట్ అక్షరాలకు దాని సెట్టింగ్స్‌లోనే విడిగా ఫాంట్ సైజ్ ఉంటుంది.

భాష సంగతి అమ్మను అడిగే తేల్చాలి. సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కు వెళ్లి తెలుగును చేర్చి, పట్టుకుని జాబితాలో పైకి లాగితే మెనూలు తెలుగులోకి వస్తాయి. ఇంగ్లీషులో వచ్చే బ్యాంకు మెసేజులు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి, ఆ మాట ముందే చెప్పండి. తెలుగు మాటలు పొడవు, వత్తులకు కింద చోటూ కావాలి. పెద్ద ఫాంట్‌తో కలిస్తే కొన్ని బటన్ల మీది మాటలు సగంలో తెగిపోతాయి. ఏళ్లుగా ఇంగ్లీషు మెనూకి అలవాటుపడ్డవాళ్లకు ఆ భాషనే ఉంచి అక్షరాలు పెంచడం మేలు. ఆండ్రాయిడ్ 13 నుంచి చాలా యాప్‌లకు విడిగా భాష పెట్టొచ్చు కాబట్టి, వాటిలో నచ్చినదాన్నే తెలుగులోకి మార్చి చూడొచ్చు.

మందుచీటీ ఫొటో లాంటి వాటికి ఫాంట్ పెంచినా లాభం లేదు. దానికి యాక్సెసిబిలిటీలో మాగ్నిఫికేషన్ ఉంది. తెరను మూడుసార్లు తట్టే పద్ధతి పెట్టొద్దు: మూడో తట్టు కోసం ఫోన్ ఎదురుచూడటం వల్ల మామూలు తట్టుళ్లకు కూడా స్పందన ఆలస్యమవుతుంది. పైగా తెలియకుండా ఆన్ అయి, తెరలో ఓ మూల మాత్రమే పెద్దగా కనిపిస్తే ఫోన్ పాడైందనుకుని కంగారుపడతారు. తెర అంచున బటన్ వచ్చే పద్ధతి ఎంచుకుని, రెండు వేళ్లతో జరపడం, మళ్లీ బటన్ నొక్కి మామూలుకు తేవడం అమ్మ చేతే చేయించండి.