మీరు తీసుకోని లోన్ మీ సిబిల్‌లో ఉంటే: అడగాల్సింది ఎన్‌ఓసీ కాదు, డిలీట్

ఫోన్ రివ్యూల కింద మీరు ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఒకటి: "జీతం వస్తోంది, ఎప్పుడూ లోన్ తీసుకోలేదు, అయినా నో కాస్ట్ ఈఎంఐ రిజెక్ట్ అయింది, ఎందుకు?" చాలాసార్లు క్రెడిట్ హిస్టరీ అసలు లేకపోవడమే కారణం. కానీ కొందరికి హిస్టరీ ఉంటుంది, అది వాళ్లది కాదు. పోయిన జూన్‌లో కడపలో మా చిన్నాన్న కొడుక్కి ఇదే జరిగింది. ఏడు రోడ్ల దగ్గర షాపులో ఫోన్ ఈఎంఐకి పెడితే రెండు ఫైనాన్స్ కంపెనీలూ కుదరదన్నాయి. కర్నూలులో ఉన్న నాకు ఫోన్ చేసి, "అన్నా, నేను యాడా రూపాయి అప్పు తీసుకోలేదు, స్కోర్ 560 చూపిస్తాంది" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఎంట్రీ పోయేదాకా ఇద్దరం చేసిన పని ఇది.

ముందు ఫుల్ రిపోర్ట్ తీయాలి. యూపీఐ యాప్‌లో కనిపించే స్కోర్ అంకెతో పని జరగదు. మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. సైట్‌లోకి వెళ్లగానే నెలవారీ ప్లాన్ కొనమని పెద్ద బటన్ కనిపిస్తుంది. ఉచితం లింక్ కింద చిన్నగా ఉంటుంది, అదే నొక్కండి.

రిపోర్ట్‌లో అందరూ లోన్ల పేజీకే పరిగెత్తుతారు. నేనైతే ముందు కాంటాక్ట్ వివరాలు చూస్తాను. లోన్ అప్లై చేసినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబర్, ఈమెయిల్, అడ్రస్ అన్నీ అక్కడికి చేరతాయి. మావాడి రిపోర్ట్‌లో మూడు నంబర్లు ఉన్నాయి. రెండు వాడివి, మూడోది ఎవరిదో తెలియదు. లోన్ల పేజీలో ఒక ఎన్‌బీఎఫ్‌సీ పేరుతో రూ.12,000 పర్సనల్ లోన్, నవంబర్‌లో తెరిచింది. DPD వరుసలో, అంటే వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే అంకెల్లో, నెలనెలా 30, 60, 90 అని పెరుగుతూ పోతోంది. ఎంక్వైరీల పేజీలో అదే కంపెనీ, అదే నవంబర్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రిపోర్ట్‌లో తెలియని కంపెనీ పేరు కనిపించినంత మాత్రాన మోసం అయిపోదు. మీరు వాడే పే లేటర్ యాప్ పేరు ఒకటి, వెనకాల అప్పు ఇచ్చే ఎన్‌బీఎఫ్‌సీ పేరు ఇంకొకటి. ఎప్పుడో హెడ్‌ఫోన్లు కొంటూ నొక్కిన పే లేటర్ కూడా లోన్‌గానే వస్తుంది. కాబట్టి తేదీ, మొత్తం పట్టుకుని మీ పాత ఈమెయిల్స్‌లో వెతకండి. రెండో అవకాశం, అదే పేరున్న ఇంకొకరి అప్పు పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టడం వల్ల మీ ఫైల్‌లో కలిసిపోవడం. అప్పుడు పుట్టిన తేదీయో, ఊరో తేడా కొడుతుంది. పేరు, పాన్, పుట్టిన తేదీ అన్నీ మీవే అయ్యి, ఫోన్ నంబర్ ఒక్కటే మీది కాకపోతే అది కావాలని చేసిన పనే అనుకోవచ్చు. మావాడిది సరిగ్గా అదే.

బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ వేసి ఎదురుచూడటం చాలామంది చేసే పని. వెయ్యండి, అది అవసరమే. కానీ బ్యూరో తనంతట తానే ఎంట్రీ తీసేయదు. అప్పు ఇచ్చిన కంపెనీని అడుగుతుంది, వాళ్లు "మా రికార్డు కరెక్టే" అంటే డిస్ప్యూట్ క్లోజ్ చేస్తుంది. అందుకే అదే రోజు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాలి. కస్టమర్ కేర్ కాల్ లెక్కలోకి రాదు. ఆఫీసర్ పేరు, మెయిల్ వాళ్ల సైట్‌లో ఉండాలని రూలే ఉంది. జూన్ 18న రెండూ పంపాం.

మెయిల్‌లో "నేను తీసుకోలేదు" అని రాసి వదిలేస్తే టెంప్లేట్ జవాబు వస్తుంది. మేము వాళ్ల దగ్గర కచ్చితంగా ఉండే వాటిని అడిగాం: అప్లికేషన్‌తో ఇచ్చిన కేవైసీ కాపీలు, సెల్ఫీ, ఓటీపీ వెళ్లిన ఫోన్ నంబర్, ఐపీ అడ్రస్, డివైస్ వివరాలు, డబ్బు వేసిన బ్యాంక్ అకౌంట్, ఆ ట్రాన్సాక్షన్ యూటీఆర్ నంబర్. ఆఖరి రెండే ముఖ్యం. 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు వచ్చాక, కొన్ని మినహాయింపులు తప్ప, లోన్ డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవాడి బ్యాంక్ అకౌంట్‌లోకే వెళ్లాలి. ఆ అకౌంట్ మీది కాదని తేలితే వాళ్ల వాదన అక్కడే ఆగిపోతుంది.

రెండు వారాలకు, మూడో రిమైండర్ తర్వాత, ఒక పీడీఎఫ్ వచ్చింది. పాన్ కార్డు ఫోటో మావాడిదే. సెల్ఫీలో మొహం వాడిది కాదు. డబ్బు వెళ్లిన అకౌంట్ మాత్రం వాడి పేరు మీదే ఉంది, వాడెప్పుడూ గడప తొక్కని బ్యాంకులో. అంటే లోన్ రెండో దొంగతనం. మొదటిది అకౌంట్. నాకు అసలు భయం వేసింది అప్పుడే. రూ.12,000 పోతే పోనీ, అలాంటి అకౌంట్‌లోకి రేపు ఇంకెవరినో మోసం చేసిన డబ్బు వస్తే పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లింటికే.

సేవింగ్స్ అకౌంట్లు క్రెడిట్ రిపోర్ట్‌లో కనిపించవు. వాటి జాడ దొరికే చోటు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్. అందులో AIS అనే స్టేట్‌మెంట్‌లో మీ పాన్ మీద బ్యాంకులు పంపిన వడ్డీ వివరాలు ఉంటాయి. మావాడి AISలో ఆ బ్యాంకు పేరుతో కొన్ని రూపాయల వడ్డీ కనిపించింది. ప్రతి ఎంట్రీ పక్కన ఫీడ్‌బ్యాక్ ఆప్షన్ ఉంటుంది, అందులో "Information is denied" ఎంచుకున్నాం. మీ పేరుతో ఎవరైనా లావాదేవీలు నడుపుతున్నా, రిటర్న్ వేసే ముందు బయటపడేది ఎక్కువగా ఇక్కడే.

ఇక సిమ్. tafcop.sancharsaathi.gov.in లో మీ నంబర్‌తో ఓటీపీ కొట్టి లాగిన్ అయితే మీ పేరు మీద ఉన్న కనెక్షన్లు కనిపిస్తాయి. ఈ పోర్టల్ 2021లో ముందుగా మన తెలుగు రాష్ట్రాల్లోనే మొదలైంది. కారణం ఏదైనా, ఇక్కడ అవసరం మాత్రం చాలా ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ డిస్ట్రిబ్యూటర్, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఉన్న భూమి పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల టెక్నిక్‌తో నకళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. మావాడి లిస్టులో ఒక నంబర్ అదనంగా ఉంది, దాని చివరి అంకెలు రిపోర్ట్‌లోని మూడో నంబర్‌తో సరిపోయాయి. సిమ్, దానితో అకౌంట్, దానితో లోన్. వరుస అర్థమైంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే "Not My Number" నొక్కాం. ముందే నొక్కితే లైన్ కట్ అవుతుంది, రుజువూ పోతుంది.

ఈ ఆధారాలతో cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టి, ఆ అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్‌తో స్టేషన్‌కి వెళ్లాడు. మీ అకౌంట్ నుంచి డబ్బు అప్పుడే పోయి ఉంటే 1930కి వెంటనే కాల్ చేయాలి, అది డబ్బును దారిలో ఆపడానికి. పాత లోన్ కేసులో పోర్టల్ చాలు. స్టేషన్‌లో మొదట విన్న మాట "బ్యాంకోళ్లతో మాట్లాడుకోప్పా". ఇది సివిల్ గొడవ కాదు. ఇంకొకరి గుర్తింపు వివరాలు మోసానికి వాడటం ఐటీ చట్టం 66సి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఎఫ్‌ఐఆర్ తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపొచ్చు. అకౌంట్ ఉన్న బ్యాంకుకూ అదే ఫిర్యాదు కాపీ పంపి, ఫ్రీజ్ చేయమని అడిగాం.

ఎఫ్‌ఐఆర్ కాపీ చూశాక లోన్ కంపెనీ నుంచి తియ్యటి ఆఫర్ వచ్చింది: వడ్డీ మాఫీ చేస్తాం, అసలు కట్టేయండి, ఎన్‌ఓసీ ఇస్తాం. ఇంట్లో పెద్దలు కూడా "పన్నెండు వేలే కదా, కట్టి పారేయ్ నాయనా" అన్నారు. కట్టొద్దు. కడితే ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు వాళ్లు వాదించొచ్చు. పైగా ఎంట్రీ పోదు, "Closed" లేదా "Settled" అని మారుతుంది, ఆలస్యాల చరిత్ర అలాగే ఉంటుంది. ఎన్‌ఓసీ అంటే బాకీ తీరింది అని అర్థం, బాకీ అసలు లేదని కాదు. మేము రాసిన వాక్యం ఒకటే: ఇది మోసపూరిత లోన్ అని లెటర్ ఇవ్వండి, నాలుగు బ్యూరోల నుంచి ఎంట్రీని, ఎంక్వైరీని పూర్తిగా తొలగించండి.

టైమ్ విషయంలో మన చేతిలో ఒక ఆయుధం ఉంది. ఆర్‌బీఐ 2023 అక్టోబర్‌లో ఇచ్చిన సర్క్యులర్ 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేలకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకీ రూ.100 పరిహారం. అప్పు ఇచ్చిన కంపెనీకి ఇందులో 21 రోజులు, వాళ్లు దాటిస్తే వాళ్లు కట్టాలి. వాళ్లు టైమ్‌కి పంపినా బ్యూరో ఆలస్యం చేస్తే బ్యూరో కట్టాలి. మావాడి లెక్క: జూన్ 18 ఫిర్యాదు, జూలై 18కి 30 రోజులు. కంపెనీ సవరణ పంపింది జూలై 26న, ఎంట్రీ పోయింది జూలై 30న. 12 రోజులు ఆలస్యం, రూ.1,200. అడిగితే వేశారు. 30 రోజులు దాటినా పలక్కపోతే, లేదా జవాబు నచ్చకపోతే, cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. క్రెడిట్ బ్యూరోలు కూడా 2022 సెప్టెంబర్ నుంచి దాని పరిధిలోకి వచ్చాయి.

ఇది చిన్న ఊరి సమస్య అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో ధనీ యాప్‌లో తమ పాన్ మీద ఎవరో లోన్లు తీసుకున్నారని చాలామంది ట్విట్టర్‌లో రిపోర్టులు పెట్టారు. వాళ్లలో నటి సన్నీ లియోన్ కూడా ఉంది, ఆమె పేరు మీద లోన్ రూ.2,000. సెలబ్రిటీ కాబట్టి తొందరగా సరిచేశారు. మనకు ఆ షార్ట్‌కట్ లేదు, మెయిల్ ట్రెయిలే ఉంది.

మావాడి బ్యాంక్ అకౌంట్ ఫ్రీజ్ అయింది, కేసు ఇంకా నడుస్తోంది. ఒక పని మిగిలింది. లోన్ కంపెనీలు క్రమం తప్పకుండా బ్యూరోలకు డేటా పంపాలి. వాళ్ల సిస్టమ్‌లో అసలు రికార్డు అలాగే ఉంటే, తీసేసిన ఎంట్రీ తర్వాతి ఫైల్‌తో మళ్లీ రావొచ్చు. అందుకే ఉచిత రిపోర్టులు ఒకేసారి వాడేయలేదు. సిబిల్ జూన్‌లో తీశాం, ఎక్స్‌పీరియన్ సెప్టెంబర్‌లో. అక్కడ లోన్ లేదు, నవంబర్ నాటి ఎంక్వైరీ మాత్రం ఇంకా ఉంది. దానికి కొత్త డిస్ప్యూట్ వేశాం.