అరసెకనులో ఏడు బొమ్మలు

బంతిని 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకడానికి సుమారు అరసెకను పడుతుంది. రెప్ప వేసి తీసేలోగా అయిపోయే ఈ చిన్న కదలికనే చేత్తో గీసే యానిమేషన్‌లో తొలి పాఠంగా చాలామంది నేర్చుకుంటారు. గీయడానికి ఉన్నది ఒక్క గుండ్రటి గీతే కాబట్టి బొమ్మ బాగా రాలేదన్న సాకుకు చోటుండదు. బంతి ఏ క్షణాన ఎక్కడుందన్నదే మొత్తం పని.

ఆ పాఠం ఇప్పుడు కాగితం లేకుండానే సాగుతోంది. ఉచితంగా దొరికే త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో గ్రీజ్ పెన్సిల్ అనే సాధనం ఉంది. మొదట్లో అది త్రీడీ దృశ్యం మీద గుర్తులు పెట్టుకోవడానికి పనికొచ్చేది. 2019లో విడుదలైన 2.80 వెర్షన్‌తో అది పూర్తిస్థాయి టూడీ యానిమేషన్ సాధనమైంది. అదే ఏడాది వచ్చిన ఫ్రెంచ్ చిత్రం ‘ఐ లాస్ట్ మై బాడీ’లో కళాకారులు త్రీడీ బొమ్మలను ఆధారంగా పెట్టుకుని, వాటి మీద గ్రీజ్ పెన్సిల్‌తో గీతలు గీశారు. ఆ చిత్రం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

బ్లెండర్ తెరిచి కొత్త ఫైల్‌గా `2D Animation` ఎంచుకుంటే తెల్లటి కాన్వాస్ వస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు. అయితే 24 బొమ్మలూ గీయాల్సిన పనిలేదు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు పన్నెండు చాలు, కంటికి కదలిక సాఫీగానే అందుతుంది. ఈ లెక్కన మన బంతి పడే అరసెకనుకు 1, 3, 5, 7, 9, 11, 13 ఫ్రేముల్లో ఏడు బొమ్మలు గీయాలి.

మొదట గీసేవి రెండే: ఒకటో ఫ్రేములో పైనున్న బంతి, పదమూడో ఫ్రేములో నేలను తాకిన బంతి. కదలికకు ఆద్యంతాలైన ఇవే కీలక భంగిమలు. గ్రీజ్ పెన్సిల్‌లో ఏ ఫ్రేములో కొత్త బొమ్మ మొదలైతే అక్కడ ఒక కీఫ్రేమ్ పడుతుంది. కింద డోప్ షీట్‌లో చిన్న వజ్రం గుర్తుగా కనిపిస్తుంది. తర్వాతి వజ్రం వచ్చేదాకా అదే బొమ్మ తెరమీద నిలిచి ఉంటుంది.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. టైమ్‌లైన్‌లో గుండ్రటి చుక్కలా ఉండే ఆటో కీయింగ్ బటన్ ఆపి ఉంటే, ఏడో ఫ్రేముకు వెళ్లి గీసిన బంతి కొత్త బొమ్మగా మారదు. పోయి ఒకటో ఫ్రేములోని బొమ్మకే అతుక్కుంటుంది. ప్లే చేస్తే తెరమీద ఒకేసారి రెండు బంతులు! డోప్ షీట్‌లో ఏడో ఫ్రేము దగ్గర వజ్రం లేదంటే జరిగింది ఇదేనని పోల్చుకోవచ్చు.

ఆ రెండు బొమ్మల మధ్యకు వచ్చేవి ఇన్‌బిట్వీన్లు. ఏడో ఫ్రేము కాలంలో సరిగ్గా సగం. మరి అక్కడ బంతి ఎత్తులో కూడా సగానికి వచ్చి ఉంటుందా? చాలామంది అలాగే గీస్తారు, ప్లే చేసి చూస్తే బంతిని ఎవరో తాడుకు కట్టి దించుతున్నట్టు ఉంటుంది. నిజానికి పడే వస్తువు క్షణక్షణానికీ వేగం పుంజుకుంటుంది. సగం సమయం గడిచేసరికి అది పావు వంతు ఎత్తే దిగుతుంది, అంటే 30 సెంటీమీటర్లే. మిగిలిన మూడు పావులూ రెండో సగంలో దూసుకుపోతుంది.

దీనికో సులువైన లెక్కుంది. మొత్తం ఎత్తును 36 భాగాలు చేస్తే, ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు బంతి దిగేది వరుసగా 1, 3, 5, 7, 9, 11 భాగాలు. బేసి సంఖ్యల వరుస, కూడితే 36. మూడో ఫ్రేములో బంతి పైస్థానం నుంచి మూడున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. పదకొండో ఫ్రేము నుంచి పదమూడుకు మాత్రం ఏకంగా 37 సెంటీమీటర్లు దూకుతుంది.

ఈ ఎడాలు సరిగ్గా పడ్డాయో లేదో గీస్తున్నప్పుడే చూపించేది ఆనియన్ స్కినింగ్. దాన్ని ఆన్ చేస్తే ప్రస్తుత బొమ్మకు వెనకాముందు ఉన్న బొమ్మలు పలచగా కనిపిస్తాయి. మామూలుగా గడిచినవి ఆకుపచ్చలో, రాబోయేవి నీలంలో ఉంటాయి. వెనక ఎన్ని, ముందు ఎన్ని కనబడాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. మన బంతికి అటు మూడు, ఇటు మూడు పెట్టి ఏడో ఫ్రేములో నిలబడితే మొత్తం పతనం ఒకే చూపులో దొరుకుతుంది. పైన నీడలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని, కిందికి వచ్చేకొద్దీ విడిపోతూ ఉండాలి. ఎడాలు సమానంగా ఉన్నాయంటే ప్లే చేయకముందే తప్పు దొరికిపోయినట్టే.

మధ్య బొమ్మలను కంప్యూటరే గీయలేదా? కొంతవరకు గీస్తుంది. గ్రీజ్ పెన్సిల్ గీత నిజానికి బిందువుల వరుస. `Interpolate Sequence` అనే ఆదేశం ఇస్తే, మొదటి బొమ్మలోని బిందువులను రెండో బొమ్మలోని బిందువులతో జతచేసి మధ్యవాటిని తానే నింపుతుంది. మామూలుగా అది ఎడాలన్నీ సమానంగా వేస్తుంది కాబట్టి, వేగం పెరిగే పద్ధతిని మనమే ఎంచుకోవాలి. నిలువుగా పడే బంతికి అది చాలు.

చెయ్యి ఊపే మనిషిని ఇస్తే మాత్రం అది బోల్తా పడుతుంది. భుజం దగ్గర నిలిచి తొంభై డిగ్రీలు తిరిగే చెయ్యి వేళ్ల కొసలు వంపులో ప్రయాణించాలి. కంప్యూటర్ ఒక్కో బిందువునూ సరళరేఖలో నడిపిస్తుంది కనుక, సరిగ్గా మధ్యకు వచ్చేసరికి చెయ్యి అసలు పొడవులో 70 శాతానికి కుంచించుకుపోతుంది. ఒక బొమ్మలో గీతను ఎడమ నుంచి కుడికి, ఇంకోదానిలో కుడి నుంచి ఎడమకు లాగితే బిందువులు తారుమారై గీత మెలిపడే ప్రమాదమూ ఉంది. అందుకే అనుభవజ్ఞులు మధ్య భంగిమను తామే గీస్తారు. బ్రేక్‌డౌన్ అనే ఆ బొమ్మ వంపును ఖాయం చేశాక, దానికి అటూ ఇటూ మిగిలే చిన్న ఖాళీలనే కంప్యూటర్‌కు వదులుతారు.

మళ్లీ బంతి దగ్గరకు వస్తే, నేలను తాకడంతో కథ ముగియదు. పదిహేనో ఫ్రేములో బంతి అణిగి వెడల్పవుతుంది. ఎత్తు ఎంత తగ్గిందో పక్కలకు అంత ఉబ్బాలి, లేకపోతే గాలి పోయిన బంతిలా ఉంటుంది. అక్కడి నుంచి 9, 7, 5, 3, 1 భాగాల చొప్పున పైకి లేస్తే 25వ ఫ్రేముకు 25 భాగాల ఎత్తుకు చేరుతుంది. అది తొలి ఎత్తులో సుమారు 70 శాతం. ఒక సెకను, పదమూడు బొమ్మలు.

ఇంత చేశాక కూడా ఒక చోట కన్ను తట్టుకుంటుంది. బంతి వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుంటే, నేలకు ముందున్న ఆ 37 సెంటీమీటర్ల దూకుడులో రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి తాకవు. బంతి పడినట్టు కాక ఒకచోట మాయమై ఇంకోచోట ప్రత్యక్షమైనట్టు మినుకుమంటుంది. పదకొండో ఫ్రేములో బంతిని కదిలే దిశలో కాస్త సాగదీస్తే ఖాళీ కొంత పూడుతుంది. అదీ చాలకపోతే రెండేసి ఫ్రేముల నియమాన్ని ఆ ఒక్కచోట పక్కనపెట్టి, పన్నెండో ఫ్రేములో 103 సెంటీమీటర్ల దగ్గర ఇంకో బంతి గీస్తారు. అప్పుడు ఎడాలు 18, 19 సెంటీమీటర్లకు తగ్గి, ఆనియన్ స్కినింగ్‌లో నీడల అంచులు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ప్లే చేస్తే మినుకు పోతుంది.