టౌన్‌హాల్‌లో జవాబు రాని ప్రశ్నలు

గంటసేపు సాగిన కంపెనీ టౌన్‌హాల్‌ను ఒక పేజీ బులెటిన్‌గా కుదించేటప్పుడు, చాలామంది పైవాళ్లు చెప్పిన మాటలు రాసి ఊరుకుంటారు. ఉద్యోగి మాత్రం తాను అడిగినదాని సంగతేమైందని వెతుక్కుంటాడు. చెప్పని మాట రికార్డింగ్‌లో వినపడదు. అందుకే పనిని ప్రసంగంతో కాకుండా ప్రశ్నలతో మొదలుపెట్టాలి.

మైకులో అడిగినవి వీడియోలో ఉంటాయి. టైప్ చేసి పంపినవి చాలాసార్లు అందులోకి రావు. ఆ జాబితాను మీటింగ్ నడిపినవారి దగ్గర విడిగా తీసుకోవాలి. ఉద్యోగి రాసిన ప్రశ్నను, వేదిక మీద చదివిన ప్రశ్నను పక్కపక్కన పెట్టి చూడండి. ఇబ్బందిపెట్టే సగం చదివేటప్పుడే జారిపోయి ఉండొచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘నైట్ షిఫ్ట్ క్యాబ్‌లు ఆపేస్తున్నారా? ఎప్పటినుంచి? బదులుగా అలవెన్స్ ఇస్తారా?’ అని ఒకరు అడిగారనుకోండి. ‘మీ భద్రతే మాకు ముఖ్యం. క్యాబ్ కాంట్రాక్టును సమీక్షిస్తున్నాం. హెచ్‌ఆర్ మీకు చెబుతుంది’ అన్నారు మేనేజర్. వింటుంటే జవాబు వచ్చినట్టే ఉంటుంది. మూడు ప్రశ్నలనూ మూడు వరుసల్లో రాసి, ఒక్కోదాని ఎదురుగా తగిన వాక్యం పెట్టబోతే అసలు సంగతి తెలుస్తుంది. మొదటిదానికి సగం జవాబే ఉంది. రెండోదానికి తేదీ లేదు. మూడోదాని ఊసే లేదు.

బులెటిన్‌లో ఇంత చాలు: ‘క్యాబ్‌లు: కాంట్రాక్టు సమీక్షలో ఉంది. ఎప్పటినుంచి మార్పు, అలవెన్స్ ఉంటుందా అన్న ప్రశ్నలకు జవాబు రాలేదు. హెచ్‌ఆర్ చెబుతుందన్నారు, గడువు చెప్పలేదు (41వ నిమిషం).’ నిమిషం వేస్తే అనుమానమున్నవాళ్లు స్వయంగా విని చూసుకుంటారు. అడిగినవారి పేరు వద్దు. ‘తప్పించుకున్నారు’ లాంటి మాటలూ వద్దు, మనకు తెలిసింది జవాబు రాలేదన్నంతవరకే.

కారణం చెప్పి నిరాకరించడాన్ని ఇందులో కలపకూడదు. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ ఇంకా ప్రకటించని త్రైమాసిక ఫలితాలను ఉద్యోగుల సభలో ముందే బయటపెట్టకూడదు, సెబీ 2015 నిబంధనలు అడ్డొస్తాయి. అలాంటప్పుడు ‘ఫలితాలు వెలువడేదాకా చెప్పలేమన్నారు’ అని కారణంతో సహా రాయాలి.

యంత్రం తయారుచేసిన లిఖిత ప్రతిని నమ్ముకుని ‘జవాబు లేదు’ అని తేల్చేయకండి. తెలుగూ ఇంగ్లిషూ కలిసిన మాటల్లో అది వాక్యాలనే మింగేస్తుంది, ఫిఫ్టీన్‌ను ఫిఫ్టీ చేస్తుంది. జవాబు లేదనుకున్న ప్రతిచోటా ఆడియో మళ్లీ వినాలి. చివరిదాకా కూడా వినాలి, ఎందుకంటే పావుగంట తర్వాత ఇంకెవరికో చెబుతూ ఈ జవాబు ఇచ్చి ఉండొచ్చు.

పంపే ముందు ప్రతిని సంబంధిత మేనేజర్లకు చూపించి, ఒక రోజు గడువివ్వడం న్యాయం. ఆలోగా అలవెన్స్ గురించి జవాబు పంపితే, ‘సభ తర్వాత రాతపూర్వకంగా చెప్పారు’ అని తేదీతో చేర్చాలి. ప్రశ్నను తీసేయమంటే మాత్రం ఒప్పుకోకూడదు. అది సభలో అందరూ విన్న ప్రశ్న.