ఇటాలియన్ ప్రణయగీత గానంలో ఊనిక, అచ్చుల ఉచ్చారణ: తెలుగు అభ్యాసకుల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రియురాలి కిటికీ కింద నిలిచి రాత్రివేళ పాడే చిన్న ప్రణయగీతాన్ని ఇటాలియన్‌లో ‘సెరెనాత’ అంటారు. ఆ భాషను ఇంకా నేర్చుకుంటున్న తెలుగువారు ఇటువంటి గీతాన్ని పాడేటప్పుడు ఊనిక విషయంలోనూ అచ్చుల విషయంలోనూ ఎక్కడ పొరబడతారో, ఆ పొరపాట్లకు మాతృభాష ఏవిధంగా కారణమవుతుందో, వాటిని గుర్తించి సరిదిద్దుకునే క్రమం ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఊనిక, దీర్ఘం, అచ్చుల కలయిక, వివృతం, సంవృతం, సెరెనాత.

1. ప్రవేశిక

తెలుగును ‘ప్రాచ్య ఇటాలియన్’ అని చాలాకాలంగా పిలుస్తున్నారు. రెండు భాషల్లోనూ పదాలు ఎక్కువగా అచ్చుతో ముగియడమే ఈ పోలికకు ఆధారం. దీనివల్ల తెలుగు గాయకునికి ఇటాలియన్ పాట మొదట సులభంగానే తోస్తుంది. త, ద వంటి దంత్యాలు, ద్విత్వాలు, పదాంతంలోని అచ్చులు అతని నాలుకకు అలవాటైనవే. అయితే ఈ పరిచయమే అతణ్ణి ఏమరుస్తుంది. తెలుగులో అర్థాన్ని మార్చేది అచ్చు యొక్క హ్రస్వదీర్ఘ భేదం. ఇటాలియన్‌లో ఆ పని చేసేది ఊనిక. పదంలో ఒక అక్షరాన్ని తక్కినవాటికంటె బలంగా పలకడమే ఊనిక. ఒక భాషలోని దీర్ఘాన్ని మరొక భాషలోని ఊనికగా భావించడం వల్లనే తక్కిన దోషాలు చాలావరకు పుడుతున్నాయి.

2. ఊనిక మారితే అర్థం మారుతుంది

ఇటాలియన్ పదాల్లో ఊనిక సాధారణంగా చివరినుండి రెండవ అక్షరంపై ఉంటుంది. కొన్నింటిలో చివరినుండి మూడవ అక్షరంపై, మరికొన్నింటిలో చివరి అక్షరంపై ఉంటుంది. చివరి అక్షరంపై ఉన్నప్పుడు మాత్రమే దానికి గుర్తు వేసి తీరాలన్నది ఆ భాష లేఖన నియమం. తక్కిన చోట్ల గుర్తు కనిపించదు కనుక పాట పుస్తకం చూసి చదివే అభ్యాసకునికి ఊనిక స్థానం తెలియదు.

ప్రణయగీతంలో దీని ఫలితం తీవ్రంగా ఉంటుంది. ‘ఆమొ’ అని మొదటి అక్షరాన్ని ఊని పలికితే ‘ప్రేమిస్తున్నాను’ అని అర్థం. చివరి అక్షరాన్ని ఊని ‘అమొ’ అంటే ‘అతడు ప్రేమించాడు’ లేదా ‘ఆమె ప్రేమించింది’ అని అర్థం. కిటికీ కింద నిలిచినవాడు తన మాటను ఎవరిదో గతించిన కథగా మార్చినట్లవుతుంది. అదేవిధంగా ‘అంకోర’లో నడిమి అక్షరాన్ని ఊనితే ‘ఇంకా, మళ్ళీ’ అనీ, మొదటి అక్షరాన్ని ఊనితే ‘లంగరు’ అనీ అర్థం. రెండింటి లిపి ఒక్కటే.

మాట్లాడేటప్పుడు, ఊనిక పొందిన అచ్చు తరువాత హల్లు ఒక్కటే ఉంటే ఆ అచ్చు కొంత సాగుతుంది. ద్విత్వం ఉంటే సాగదు. తెలుగు చెవి ఆ సాగుదలను దీర్ఘంగా గ్రహిస్తుంది. మాటలో ఈ గ్రహింపు కొంత ఉపకరిస్తుంది కాని పాటలో చెడుతుంది. పాటలో అచ్చు నిడివిని నిర్ణయించేది స్వరకర్త. ఊనిక లేని చివరి అక్షరానికి కూడ అతడు పొడవైన స్వరం ఇవ్వవచ్చు. ఆ పొడవును చూసి గాయకుడు అక్కడ బలం పెడితే ‘ఆమొ’ కాస్తా ‘అమొ’గా వినిపిస్తుంది. కనుక చివరి అక్షరం ఎంత పొడవుగా ఉన్నా దానిని మెల్లగా, క్రమంగా తగ్గుతున్న ధ్వనితో విడిచిపెట్టాలి.

3. ద్విత్వం

ద్విత్వం తెలుగువారికి కొత్తది కాదు. అయినా ఒక అలవాటు అడ్డువస్తుంది. పరభాషా పదాలను తెచ్చుకునేటప్పుడు హ్రస్వం తరువాతి హల్లును రెట్టించడం తెలుగు స్వభావం. ‘కప్పు’, ‘బస్సు’ ఇందుకు నిదర్శనాలు. ఇటాలియన్‌లో ‘మామ’ అంటే ‘ఆమె నన్ను ప్రేమిస్తోంది’ అని అర్థం. ‘మమ్మ’ అంటే అమ్మ. మొదటిదానిని తెలుగులోని ‘మామ’ వలె పలికితే దాదాపు సరిపోతుంది. ఊనిక కోసం మకారాన్ని ఒత్తి పలికితే ప్రేయసి మాట తల్లి మాటగా మారుతుంది. పొడవైన స్వరంపై ద్విత్వం వచ్చినప్పుడు అచ్చును చాలినంత సాగించి, తరువాతి స్వరానికి కొంచెం ముందుగా హల్లును మూసి నిలపాలి.

4. పదాల నడుమ అచ్చుల కలయిక

ఇటాలియన్ ఛందస్సులో ఒక పదం చివరి అచ్చు, తరువాతి పదం మొదటి అచ్చు కలిసి ఒకే అక్షరంగా లెక్కకు వస్తాయి. నడుమ విరామచిహ్నం ఉన్నా ఈ నియమం తప్పదు. స్వరకర్త కూడ ఆ రెంటికీ సాధారణంగా ఒకే స్వరం ఇస్తాడు. ఇది తెలుగు సంధికి దగ్గరగా కనిపించినా దానివంటిది కాదు. తెలుగులో ఉత్వసంధి మొదటి అచ్చును తొలగిస్తుంది. సంధి జరగని చోట యడాగమం ఒక యకారాన్ని చేరుస్తుంది. ఇటాలియన్‌లో లోపమూ లేదు, ఆగమమూ లేదు. భిన్నమైన అచ్చులైతే రెండూ ఒకే స్వరంలో వరుసగా వినబడాలి. ఒకే అచ్చు రెండుసార్లు వస్తే కలిసి ఒక్కటిగా పలుకుతుంది.

5. ఉదాహరణ: రెండు పాదాల పరిశీలన

అభ్యాసానికి అనువుగా కూర్చిన ఈ రెండు పాదాలను పరిశీలించవచ్చు.

బెల్ల, అస్కొల్త ల మిఅ వోచె
సొత్తొ ఇల్ లూమె దెల్ల లూన

‘సుందరీ, చంద్రుని వెలుగు కింద నా గొంతు ఆలకించు’ అని భావం. ఇవి ఎనిమిదేసి అక్షరాల పాదాలు. ఇటువంటి పాదంలో మూడవ, ఏడవ అక్షరాలు ప్రధానమైన ఊనికను పొందుతాయి. అక్షరవిభజన ఇలా ఉంటుంది.

బెల్ – లఅ – స్కొల్ – త – ల – మిఅ – వో – చె
సొత్ – తొఇల్ – లూ – మె – దెల్ – ల – లూ – న

మొదటి పాదంలో స్కొల్, వో అన్నవీ, రెండవ పాదంలో రెండు ‘లూ’లూ తాళపు దెబ్బపై పడాలి. నాలుగక్షరాల చతురశ్ర నడకలో మొదటి రెండక్షరాలను దెబ్బకు ముందుగా ఎత్తుకుని, ‘స్కొల్’ పై దెబ్బ వేయాలి. అప్పుడు ‘వోచె’ అన్న రెండక్షరాలు, రెండవ పాదం మొదటి రెండక్షరాలు కలిసి ఒక ఆవృత్తం పూర్తవుతుంది. పాట తెగకుండా సాగుతుంది.

తెలుగు అభ్యాసకుడు సహజంగా ‘బెల్’ పైనే దెబ్బ వేసి మొదలుపెడతాడు. అప్పుడు రెండవ దెబ్బ ఐదవ అక్షరమైన ‘ల’ పై పడుతుంది. అది నామవాచకానికి ముందు వచ్చే చిన్న నిర్దేశకం మాత్రమే. ‘గొంతు’ అనే ముఖ్యమైన మాట బలం కోల్పోయి, అర్థం లేని చిన్నమాట బలపడుతుంది. దీనికి తోడు యడాగమం చేసి ‘బెల్ల యస్కొల్త’, ‘మియ వోచె’ అని పాడితే పాదం పదక్షరాలకు పెరుగుతుంది. ‘వో’ ఏడవ స్థానం నుండి తొమ్మిదవ స్థానానికి జరుగుతుంది. రెండవ పాదంలో లోపసంధి చేసి ‘సొత్తిల్’ అంటే లెక్క సరిపోతుంది కాని, ఒక అచ్చు వినబడకుండా పోతుంది. ‘మిఅ’లో ఊనిక ‘ఇ’ పై ఉంది కనుక స్వరంలో అధికభాగం దానికే ఇచ్చి, ‘అ’ను చివర తాకించాలి. ‘తొఇల్’లో ‘ఒ’ను నిలిపి, ‘ఇ’ని లకారానికి ఆనుకొని పలకాలి.

6. ఎ, ఒ – వివృత సంవృత భేదం

ఇటాలియన్ లిపిలో అచ్చులు ఐదు. ఊనిక ఉన్న అక్షరాల్లో మాత్రం ధ్వనులు ఏడు. ఎ, ఒ ఒక్కొక్కటీ నోరు ఎక్కువగా తెరిచి పలికే వివృతంగానూ, తక్కువగా తెరిచి పలికే సంవృతంగానూ ఉంటాయి. ‘బెల్ల’లో ఎ వివృతం. నక్షత్రమనే అర్థం గల ‘స్తెల్ల’లో సంవృతం. ఇటాలియన్ కవులు ఈ రెంటినీ అంత్యప్రాసగా స్వీకరిస్తారు కనుక పద్యం చూసి ఈ భేదాన్ని ఊహించలేరు.

తెలుగులోనూ ఈ రెండు రకాల ధ్వనులూ ఉన్నాయి. కాని అవి తరువాతి అక్షరంలోని అచ్చుపై ఆధారపడతాయి. ‘మేడ’, ‘మేడి’ అనీ, ‘కోట’, ‘కోటి’ అనీ వరుసగా పలికి చూస్తే, తరువాత అకారం ఉన్నచోట నోరు ఎక్కువగా తెరుచుకోవడం తెలుస్తుంది. ఈ అలవాటు ఇటాలియన్‌లోకి తెలియకుండానే వెళుతుంది. ‘బెల్ల’ దానివల్ల యాదృచ్ఛికంగా సరిపోతుంది. ‘అస్కొల్త’లో ఒ సంవృతం కావలసి ఉండగా, తరువాతి అకారం వల్ల వివృతమవుతుంది. హృదయమనే అర్థం గల ‘క్వోరె’లో ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. అక్కడ వివృతం కావాలి, తెలుగు నోరు సంవృతంగా పలుకుతుంది. సరిచేసుకోవడానికి ‘కోట’లోని ఓకారాన్ని మాత్రమే విడిగా నిలిపి, దవడ కదలకుండా దాని తరువాత ‘రె’ పలకడం అభ్యసించాలి. ‘అస్కొల్త’కు ‘కోటి’లోని ఓకారం ఆధారమవుతుంది.

ఈ నియమానికి పరిమితులున్నాయి. ఇటలీలోనే ప్రాంతాన్ని బట్టి ఈ భేదం మారుతుంది. మిక్కిలి ఎత్తైన స్వరాల్లో అచ్చుల తేడా వినిపించడం కూడ తగ్గుతుంది. కనుక దీనిలో పొరపాటు యాసగా తోస్తుంది కాని సాధారణంగా అర్థాన్ని చెరపదు. ఊనికలో పొరపాటు అర్థాన్నే చెరుపుతుంది. అభ్యాసంలో ఈ ప్రాధాన్యాన్ని పాటించడం అవసరం.

7. అభ్యాసక్రమం, దోషపరీక్ష

ముందుగా ప్రతి పదానికీ నిఘంటువు చూసి ఊనికనూ, ఎ, ఒల స్వభావాన్నీ గుర్తు వేసుకోవాలి. ఇటలీ ప్రసారసంస్థ ‘రాయ్’ రూపొందించిన ఉచ్చారణ నిఘంటువు ఇందుకు ఉపకరిస్తుంది. తరువాత రాగం లేకుండా, తాళంతో మాత్రమే సాహిత్యాన్ని చదవాలి. పిదప ఒకే స్వరంపై అచ్చులను మాత్రమే పాడి, చివరకు హల్లులను చేర్చి రాగంలోకి వెళ్ళాలి.

ఒకే వరుసలో రెండు చరణాలు ఉంటే రెండవదాన్ని ప్రత్యేకంగా పరీక్షించాలి. 1787 అక్టోబరు 29న ప్రాగ్ నగరంలో తొలిసారి ప్రదర్శితమైన మోజార్ట్ సంగీతరూపకం ‘దోన్ జొవాన్ని’లో, నాయకుడు మాండలిన్ సహకారంతో కిటికీ కింద పాడే ప్రసిద్ధ గీతం ఇటువంటిదే. దాని సాహిత్యకర్త లొరెంజో దా పోంతె. అటువంటి పాటల్లో వరుస ఒక్కటే అయినా రెండవ చరణంలో చిన్న ఊనికల స్థానాలు, అచ్చులు కలిసే చోట్లు మారవచ్చు. మొదటి చరణం బలాబలాలను యథాతథంగా దానిపై మోపకూడదు.

దోషాన్ని గుర్తించడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. పాడినదాన్ని ముద్రించి, సాహిత్యం చూడని ఇటాలియన్ శ్రోతకు వినిపించి, విన్నది రాయమనాలి. ‘మామ’ బదులు ‘మమ్మ’ అని రాస్తే దోషం ద్విత్వంలో ఉంది. ‘ఆమొ’ చివర గుర్తు వేస్తే ఊనికలో ఉంది. మాటలన్నీ సరిగా రాసి, పలుకు మాత్రం పరాయిదిగా ఉందంటే, మిగిలిన పని ఎ, ఒలలో ఉంది.

8. ముగింపు

తెలుగు అజంతత్వం ఇటాలియన్ గానానికి అనుకూలమే. కాని దీర్ఘాన్ని ఊనికగా తీసుకోవడం, కలిసే అచ్చులకు తెలుగు సంధిని వర్తింపజేయడం, తరువాతి అచ్చును బట్టి ఎ, ఒలను మార్చడం అనే మూడు అలవాట్లను గాయకుడు ఎరుకతో పక్కన పెట్టాలి. అందులో మొదటిది సరిపడితే, తక్కిన రెండింటిలో లోపమున్నా ‘ప్రేమిస్తున్నాను’ అన్న మాట ‘ప్రేమిస్తున్నాను’గానే వినిపిస్తుంది.